కొత్తూరు, మావూరు, వచ్చుండాడు: సంధి పేరు ఎక్కడ తప్పుతోంది?

బాగేపల్లి వైపు నుంచి ఒక ఏడో తరగతి పాప రాసిన జవాబు కాయితం నా చేతికి వచ్చింది. బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు. తాతగారు వేసవి సెలవుల్లో తెలుగు వ్యాకరణం చెప్పి, ఆరు మాటలిచ్చి విడదీసి సంధి పేరు రాయమన్నారట. పాప రాసింది ఇదీ. అత్యాశ యణాదేశం, మాయమ్మ యణాదేశం, కొత్తూరు గుణసంధి, ఎవరైనా వృద్ధిసంధి, మావూరు సంధి లేదు, వచ్చుండాడు ఉత్వసంధి. ఆరింట్లో ఒకటే ఒప్పు. తాతగారు కింద ఒక మాట రాశారు, "మన ఇంటి మాటకు వ్యాకరణం సరిపడదు" అని. నాకు పాప తప్పుల కన్నా ఆ మాటే ఎక్కువ గుచ్చుకుంది. ఎందుకంటే ఆ ఆరు మాటలకూ వ్యాకరణం చక్కగా సరిపడుతుంది. సరిపడనిదల్లా పాప విడదీసిన తీరు.

సంధి పేరు పెట్టేటప్పుడు మనం చూడవలసినవి రెండే రెండు ధ్వనులు. మొదటి మాట చివర ఏ అచ్చుంది, రెండో మాట మొదట్లో ఏ అచ్చుంది. పిల్లలు మాత్రం కలిసిపోయాక కనబడే అక్షరాన్ని చూసి పేరు పెడతారు. య కనబడితే యణాదేశం, ఐ కనబడితే వృద్ధి. బ్యాంకులో చివరి బ్యాలెన్సు చూసి ఆ డబ్బు ఎక్కడిదో చెప్పమంటే ఎవరూ చెప్పలేరు, ఎంట్రీ చూడాలి. ఇక్కడా అంతే.

య సంగతే ముందు చూద్దాం. అతి + ఆశ కలిస్తే అత్యాశ. ఇందులో అతి చివరున్న ఇ ఏమైంది? పోయింది. దాని చోట్లో య్ కూర్చుంది, పోయి త కింద వత్తుగా చేరింది. ఉన్నదే రూపు మార్చుకుంది కాబట్టి దీన్ని ఆదేశం అంటారు. ప్రత్యేకం, అత్యుత్సాహం ఇదే దారి. ఉ ఉంటే వ్ అవుతుంది, సు + ఆగతం స్వాగతం అయినట్టు.

మా + అమ్మ మాయమ్మ అయినప్పుడు ఏం పోయింది? ఏమీ పోలేదు. మా లో ఆ అలాగే ఉంది, అమ్మలో అ అలాగే ఉంది. రెండు అచ్చులు పక్కపక్కన పడితే నోటికి ఇబ్బంది గనక మధ్యలో య కొత్తగా వచ్చి కూర్చుంది. కొత్తగా వచ్చేది ఆగమం, అందుకే యడాగమం. పైగా మాయమ్మను యణాదేశం అనడానికి అసలు వీలే లేదు. యణాదేశం జరగాలంటే మొదటి మాట చివర ఇ, ఉ, ఋలలో ఒకటి ఉండాలి, మా చివర ఆ ఉంది. పాప య ను చూసింది గానీ మా చివర ఏముందో చూడలేదు.

కంటికి ఆనే గుర్తు ఒకటుంది. యణాదేశంలో య ముందున్న హల్లుకు వత్తుగా అతుక్కుంటుంది, త్య, ధ్య అన్నట్టు. యడాగమంలో య నిలువెత్తు అక్షరంగా విడిగా నిలుస్తుంది. హరి + అతడు హరియతడు అవుతుంది గానీ హర్యతడు కాదు. ఇక్కడ ధ్వనులు అత్యాశలో లాంటివే, ఇ తర్వాత అకారం. అయినా యణాదేశం ఎందుకు కాలేదంటే అతడు అచ్చ తెలుగు మాట. యణాదేశం, గుణం, వృద్ధి, సవర్ణదీర్ఘం సంస్కృతం నుంచి వచ్చిన సంధులు, రెండు మాటలూ సంస్కృతానివే అయినప్పుడు వాటి లెక్క. ఒకటి తెలుగైతే తెలుగు సంధే. ధ్వనులు సరిగ్గా పట్టుకున్నాక కూడా ఈ ఒక్క సంగతి మరిచిపోతే పేరు తప్పుతుంది.

కొత్తూరు ఇలాగే తప్పింది. పాప కొత్త + ఊరు అని విడదీయడం వరకు సరిగ్గానే చేసింది. అ తర్వాత ఊ, కాబట్టి గుణసంధి అంది. గుణసంధిలో అకారమూ ఉకారమూ కలిసి ఓ అవుతాయి, పర + ఉపకారం పరోపకారం. ఆ లెక్కన మన ఊరు కొత్తోరు కావాలి కదా! కొత్తూరులో కొత్త చివరి అ జారిపోయింది, ఊ మాత్రం చెక్కు చెదరలేదు. అత్తు పోయింది గనక అత్వసంధి. హోసూరు పేరు కూడా ఇలాంటిదే. కన్నడంలో హొస అంటే కొత్త, హొస + ఊరు కలిసి హొసూరు. కన్నడ వ్యాకరణంలో దీన్ని లోపసంధి అంటారు, ఊరు + అన్ను ఊరన్ను అయినట్టు. కన్నడ మీడియం పిల్లలకు లోపం, ఆగమం, ఆదేశం అని మూడు గదులు బడిలోనే చెబుతారు. అవి తెలిసిన పిల్లకు తెలుగు సంధి కష్టం కాకూడదు. అత్వ, ఇత్వ, ఉత్వ మూడూ లోపం గదిలోవి. యడాగమం ఆగమం గదిలోది.

ఇక ఎవరైనా. ఇక్కడ ఐ కనబడుతోంది గనక వృద్ధి అని రాసింది. దీని పక్కన ఇంకో రెండు మాటలు పెట్టుకుందాం, ఎక్కడైనా, ఏమైనా. మూడింట్లోనూ ఐనా ఉంది. మూడు సంధులూ వేరు. ఎలా తెలుస్తుంది అంటే, మొదటి మాట చివరి అచ్చు కలిసిపోయి కనబడకుండా పోయింది కాబట్టి దాన్ని బయటికి రప్పించాలి. దానికి నేను పిల్లలకు చెప్పే కిటుకు ఇదీ. రెండో మాట తీసేసి, దాని చోట్లో హల్లుతో మొదలయ్యే మాట పెట్టి చూడాలి. హల్లు ముందు అచ్చు పోదు.

"పోయినా" పెట్టి చూడండి. ఎవరు పోయినా, ఎక్కడ పోయినా, ఏమి పోయినా. ఎవరు చివర ఉ బయటపడింది, కాబట్టి ఎవరైనా ఉత్వసంధి. ఎక్కడ చివర అ, కాబట్టి ఎక్కడైనా అత్వసంధి. ఏమి చివర ఇ, కాబట్టి ఏమైనా ఇత్వసంధి. కొన్ని చోట్ల "ఏం పోయినా" అని నొక్కేస్తారు, అప్పుడు ఇ వినబడదు. నిదానంగా పూర్తిగా పలకమంటే ఏమి అనే వస్తుంది. వృద్ధిసంధి అనేది ఏక + ఏక ఏకైక అయినచోట ఉంటుంది, రెండూ సంస్కృతం, మొదటిదాని చివర అ, రెండోదాని మొదట ఏ. ఎక్కడ + ఐనా లో కూడా అ, ఐ ఉన్నాయి గదా అని ఎవరైనా అడగొచ్చు. ఉన్నాయి, కానీ ఎక్కడ తెలుగు మాట. పైన కొత్తూరుకు చెప్పిన జవాబే దీనికీ.

ఇప్పుడు వచ్చుండాడు. నన్నడిగితే ఈ కాయితంలో అసలు పని ఇక్కడుంది, ఎందుకంటే ఇది పుస్తకం మాట కాదు, మన ఇళ్ళ మాట. కోలారు, చింతామణి, బాగేపల్లి, హోసూరు, అటు అనంతపురం, చిత్తూరు వరకు "మామ వచ్చుండాడు" అనే అంటాం. పాప దీన్ని వచ్చు + ఉండాడు అని విడదీసి ఉత్వసంధి అంది. చూడడానికి ఎంత బాగుందో! వచ్చు అనేది నిఘంటువులో ఉన్న మాటే, దాని చివర ఉ ఉంది, ఉండాడు మొదట్లో ఉ ఉంది. తాతగారికి అనుమానం వచ్చింది కూడా ఇక్కడే. "వచ్చు ఉండాడు" అంటే అర్థం లేదు, అర్థం లేని మాటలు కలిపేశాం గనక మన మాట చెడిపోయిందని ఆయన అనుకున్నారు.

అదే కిటుకు వాడి చూద్దాం. ఉండాడు తీసేసి "పోయినాడు" పెట్టండి. మామ వచ్చి పోయినాడు. మామ వచ్చు పోయినాడు అని ఎవరూ అనరు. అంటే అక్కడున్నది వచ్చు కాదు, వచ్చి. తినుండాడు అన్నా అంతే, తిని పోయినాడు. పోయుండాడు అన్నా అంతే. ఇంకా గట్టి సాక్ష్యం కావాలంటే "చేసుండాడు" తీసుకోండి. తెలుగులో చేసు అని ధాతువు లేదు, ఉన్నది చేయు. ధాతువుతో కలిపి ఉంటే చేయుండాడు అని ఉండాలి. అలా ఎవరూ అనరు. చేసుండాడులోని స చెబుతోంది అది చేసి + ఉండాడు అని. రాసుండాడు కూడా ఇట్లాగే, ధాతువు రాయు, కలిసింది రాసి. వచ్చు, తిను అనేవి పొరపాటున ధాతువు రూపంతో సరిపోయి మనల్ని మోసం చేశాయి, చేసుండాడు మోసం చేయలేదు.

కాబట్టి విడదీస్తే వచ్చి + ఉండాడు, ఇ జారిపోయింది. అర్థం కూడా చక్కగా ఉంది. వచ్చి, ఇంకా ఇక్కడే ఉన్నాడు. మరి దీనికి సంధి పేరేమిటి? ఇక్కడ పుస్తకం మాట, మన మాట వేరవుతాయి. పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణం 1858లో మద్రాసులో వచ్చింది. ఆయన ఊరు శ్రీపెరుంబుదూరు, అంటే ఆయన కూడా మన తమిళనాడు తెలుగువాళ్ళలో ఒకరే. వచ్చి, తిని, చేసి లాంటి క్త్వార్థక రూపాల చివరి ఇ కి సంధి జరగదని ఆ వ్యాకరణం. సంధి జరగని చోట యడాగమం. కాబట్టి గ్రంథభాషలో వచ్చియున్నాడు అని రాయాలి, దానికి పేరు యడాగమం. మన వాడుకలో ఆ ఇ లోపిస్తుంది. ఆయన రాసింది కావ్యభాషకు వ్యాకరణం, వాడుకకు కాదు. పరీక్షలో వచ్చియున్నాడు వస్తే యడాగమం రాయమనండి. వచ్చుండాడు గురించి ఎవరైనా అడిగితే, వాడుకలో క్త్వార్థక ఇకారం లోపించింది అని చెబితే చాలు. రెండూ నియమమే. ఒకటి అచ్చయింది, ఇంకొకటి కాలేదు.

ఇక మిగిలింది మావూరు. పాప దీన్ని మా + వూరు అని విడదీసి, వ హల్లు గనక సంధే లేదు అంది. ఇప్పటిదాకా మొదటి మాట చివర దాక్కున్న అచ్చుతో తంటా పడ్డాం, ఇక్కడ రెండో మాట మొదట్లో చిక్కుంది. మనం నోటితో ఎక్కడ అనం, యెక్కడ అంటాం. ఒకటి అనం, వొకటి అంటాం. పెద్దవాళ్ళ ఉత్తరాల్లో యెద్దు, యేమి, వొళ్ళు అనే రాసి ఉంటాయి. పక్కనున్న కన్నడంవాళ్ళూ యెల్లి, వొందు అనే పలుకుతారు. ఎ, ఏ ల ముందు చిన్న య, ఒ, ఓ, ఉ, ఊ ల ముందు చిన్న వ వాటంతటవే పలుకులోకి వచ్చేస్తాయి. ఆ య, వ మాటలో ఉన్నవా, నోట్లో పుట్టినవా?

దీనికీ పరీక్ష ఉంది, ఈసారి మార్చాల్సింది మొదటి మాట. చివరి అచ్చు జారిపోయే మాట ఏదైనా ముందు పెట్టండి. వాడు + ఎక్కడ, నోటికి వాడెక్కడ అని వస్తుంది, య మాయమైపోయింది. నిజంగా మాటలో ఉన్న య అయితే పోదు. వాడు యోధుడు అంటాం, వాడోధుడు అనం. అంటే యోధుడులో య సొంతది, యెక్కడలో య అరువుది. ఊరు సంగతి కూడా ఇలా తేలుతుంది. పక్క + ఊరు పక్కూరు, కొత్త + ఊరు కొత్తూరు, ఎక్కడా వ లేదు. మాట వూరు అయి ఉంటే పక్కవూరు, కొత్తవూరు అనే మిగిలేది. కాబట్టి మావూరులో విడదీయవలసింది మా + ఊరు. అలాగే ఈయేడాది అంటే ఈ + యేడాది కాదు, ఈ + ఏడాది. పోయినేడాది అన్నప్పుడు ఆ య నిలవదు చూడండి.

ఈయేడాదికి పేరు యడాగమం, అందులో గొడవ లేదు. మావూరుకు? పుస్తకం ప్రకారం మా + ఊరు మాయూరు కావాలి. సంధి జరగని ఇలాంటి చోట బడిలో చెప్పే ఆగమం యడాగమమే. మన నోట్లో మాత్రం ఊ ముందు వ వస్తుంది. కన్నడ పిల్లలకు వకారాగమం తెలుసు గనక దాన్ని ఇక్కడ అతికించేయాలని అనిపిస్తుంది. పేరు అతకొచ్చు గానీ లెక్క అది కాదు. కన్నడంలో య రావాలా వ రావాలా అని నిర్ణయించేది మొదటి మాట చివరి అచ్చు. మనె + అన్ను మనెయన్ను, గురు + అన్ను గురువన్ను, రెండో మాట రెండుచోట్లా అన్నే. తమిళంలో కూడా మొదటి అచ్చే ముఖ్యం. నిలా + అళగు నిలావళగు అంటారు, ఆ తర్వాత వ. ఆ లెక్క మనకు వర్తిస్తే మా + అమ్మ మావమ్మ కావాలి. మన ఇళ్ళలో మాయమ్మ అనే అంటాం. మా ఒకటే అయినా మాయమ్మ, మాయిల్లు, మాయెద్దు అంటాం, మావూరు, మావొళ్ళు అంటాం. అంటే తెలుగు నోట్లో రెండో మాట మొదటి అచ్చు తీర్పు చెబుతోంది. పెదాలు గుండ్రంగా చేసే ఉ, ఒ వస్తే వ, మిగతావి వస్తే య. చుట్టూ రెండు భాషలు ఇంకో దారిలో పోతున్నా, ఇన్ని తరాల తర్వాత కూడా ఈ ఒక్క చోట మన వాళ్ళ నోరు తెలుగు దారిలోనే ఉంది.

ఒడిశా వైపు, బరంపురం, పర్లాకిమిడి వాళ్ళ మాటలో దీనికి తిరగేసిన సంగతి ఒకటుంది. వాళ్ళు చేసీసాను, చెప్పీసాను అంటారు. కోస్తాలో చేసేశాను. దీన్ని చేసి + ఏశాను అని విడదీసి ఇత్వసంధి అని రాసే పిల్లలున్నారు. ఏశాను అనే మాట ఎక్కడిది? అది వేశాను. పని పూర్తిచేసి వదిలించుకోవడాన్ని తెలుగులో వేయు చేర్చి చెబుతాం, చేసివేశాను, చెప్పివేశాను అని. మావూరులో మాటలో లేని వ నోట్లో పుట్టింది. చేసేశానులో మాటలో ఉన్న వ నోట్లో పోయింది. కాబట్టి అక్కడ కలిసినవి రెండు అచ్చులు కావు, ఇకారమూ వకారమూ. అచ్చుసంధుల్లో ఏ పేరూ దానికి పెట్టకూడదు. ఇలాంటివి చూసినప్పుడు వాడుకమాటను ఒకసారి నిదానంగా, పాత ఉత్తరంలో రాసినట్టు పలికి చూస్తే, పోయిన హల్లు తిరిగి వస్తుంది.

పాప కాయితం తాతగారికి తిరిగి పంపేటప్పుడు వచ్చుండాడు పక్కన చేసుండాడు, రాసుండాడు అని రెండు మాటలు రాసి పంపాను. యానాం వాళ్ళూ, మహారాష్ట్రలో ఉన్న మనవాళ్ళూ మా ఊరు, మా ఒళ్ళు అని గబగబా అన్నప్పుడు య వస్తోందో వ వస్తోందో మీ ఊరి పేరుతో సహా రాయండి. ముఖ్యంగా మీ ఇంట్లో బడి చదువు లేని పెద్దవాళ్ళు ఎలా అంటారో విని రాస్తే మంచిది, చదువుకున్నవాళ్ళం మనం రాతను చూసి పలుకుతాం.